రివెట్ వ్యాసం నుంచి రంధ్రం, అంచు, ఎడం: పలుచని రేకుల అతుకు లెక్క

ఒక రేకు అంచును మరో రేకు అంచు మీదికి ఎక్కించి, రెండింటినీ కలిపి రంధ్రాలు వేసి, రివెట్లు కొట్టి బిగిస్తే దాన్ని ల్యాప్ జాయింట్ అంటారు. విమానం ఒంటి రేకులు, బస్సు బాడీ పలకలు, ఏసీ గాలి గొట్టాలు, అల్యూమినియం పడవలు ఎక్కువగా ఈ అతుకుతోనే నిలుస్తాయి. అతుకు గీయడానికి కూర్చున్నవారు నాలుగు కొలతలు తేల్చుకోవాలి: రివెట్ ఎంత లావుండాలి, రంధ్రం ఎంత వెయ్యాలి, రంధ్రం రేకు అంచుకు ఎంత లోపల ఉండాలి, ఒక రివెట్‌కూ పక్క రివెట్‌కూ ఎడం ఎంత ఉండాలి. ఈ ఎడాన్నే పిచ్ అంటారు. మొదటిది రేకు మందం నుంచి వస్తుంది. మిగిలిన మూడూ రివెట్ వ్యాసం నుంచి వస్తాయి. అందుకే డ్రాయింగుల్లో వాటిని మిల్లీమీటర్లలో కాక 2D, 4D అంటూ వ్యాసానికి రెట్లుగా రాస్తారు. D అంటే రివెట్ కాడ వ్యాసం.

ఈ రెట్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలంటే అతుకు ఎన్ని రకాలుగా తెగుతుందో ముందు చూడాలి. రెండు రేకులను చెరోవైపు లాగితే నాలుగింట్లో ఏదో ఒకటి జరుగుతుంది. రెండు రేకులూ కలిసే చోట రివెట్ కాడ అడ్డంగా కోసుకుపోవచ్చు. కాడ గట్టిగా నిలిచి, దాని ఒత్తిడికి రేకు రంధ్రం నలిగి పొడవుగా సాగవచ్చు. రివెట్ ముందున్న రేకు ముక్క అంచు దాకా చీలి ఊడిరావచ్చు. లేదా వరసలోని రంధ్రాల మధ్య మిగిలిన రేకు, తపాలా బిళ్లల షీటు చిల్లుల వెంట చిరిగినట్టు, ఒక్క గీతగా తెగిపోవచ్చు. వ్యాసం ఎంపిక మొదటి రెండింటినీ, అంచు దూరం మూడోదాన్నీ, పిచ్ నాలుగోదాన్నీ అదుపులో పెడతాయి. మంచి అతుకులో రేకు కన్నా ముందు రివెట్ లొంగేలా, అయితే ఆ రెంటికీ తేడా మరీ ఎక్కువ లేకుండా కొలతలు కుదురుస్తారు. రివెట్ కోత బలం ముందే లెక్కకు అందుతుంది, చెడిన రివెట్‌ను తీసి మార్చవచ్చు. చిరిగిన రేకును అలా మార్చలేం.

ముందుగా వ్యాసం

పలుచని రేకులకు వాడుకలో ఉన్న సూత్రం చాలా సులువు. రెండు రేకుల్లో మందమైనదాని మందానికి సుమారు 3 రెట్లు రివెట్ వ్యాసం. 1 మి.మీ. రేకులైతే 3 మి.మీ. వస్తుంది, దొరికే సైజుల్లో దానికి దగ్గరిది 3.2 మి.మీ., అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. 0.8 మి.మీ. రేకుకు 2.4 మి.మీ. రివెట్ సరిపోతుంది. 1.6 మి.మీ. రేకుకు 4.8 మి.మీ. రివెట్ పడుతుంది.

ఈ 3 రెట్ల వెనక ఒక తూకం ఉంది. రివెట్ కోత బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి, అంటే వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రేకు రంధ్రం నలగకుండా మోసే బలం మాత్రం వ్యాసాన్ని మందంతో గుణించినంతే పెరుగుతుంది. వ్యాసం రెట్టింపు చేస్తే రివెట్ నాలుగింతలు బలపడుతుంది, రేకు పట్టు రెండింతలే అవుతుంది. కాబట్టి లావు పెంచుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట రివెట్ రేకును మించిపోతుంది. విమానాల్లో వాడే గట్టి అల్యూమినియం రేకుకూ, దానికి జోడీగా వాడే మెత్తని రివెట్‌కూ ఆ మలుపు రేకు మందానికి దాదాపు 5 రెట్ల దగ్గర వస్తుంది. 3 రెట్ల దగ్గర ఆగితే రివెట్టే ముందు లొంగుతుందన్న భరోసా ఉంటుంది. లావు రివెట్‌కు ఇంకో చిక్కూ ఉంది. దాన్ని కొట్టి తల చెయ్యాలంటే పెద్ద దెబ్బలు కావాలి, ఆ దెబ్బలకు పలుచని రేకు చుట్టూ ఉబ్బి, నొక్కితే టక్కుమని లోపలికీ బయటికీ ఆడుతుంది. మరీ సన్నని రివెట్ అయితే ఒక్కొక్కటీ మోసేది తక్కువ కాబట్టి ఎక్కువ రంధ్రాలు వెయ్యాలి.

పాలిటెక్నిక్ మెషీన్ డిజైన్ పాఠంలో మందం వర్గమూలాన్ని 6తో గుణించే అన్విన్ సూత్రం నేర్పుతారు. అది బాయిలర్ పలకలకు, 8 మి.మీ. కన్నా మందమైన వాటికి చేసిన సూత్రం. 1 మి.మీ. రేకుకు దాన్ని వేస్తే 6 మి.మీ. రివెట్ వస్తుంది, అంటే మందానికి 6 రెట్లు. అక్కడ రివెట్ చెక్కుచెదరదు, రేకు రంధ్రమే నలిగిపోతుంది. పలుచని రేకు పనికి ఆ సూత్రం వర్తించదు.

రంధ్రం: జుత్తువాసి ఎక్కువ

ముద్ద రివెట్ కొట్టినప్పుడు దాని తోక చదునై తల అవుతుంది, అదే సమయంలో కాడ కూడా లావెక్కి రంధ్రాన్ని నింపుతుంది. రంధ్రం గోడలకు కాడ అంతటా ఆనుకోవడమే అతుకుకు పట్టు. అందుకే రంధ్రం రివెట్ కన్నా సుమారు 0.1 మి.మీ. మాత్రమే పెద్దదిగా ఉండాలి. 3.2 మి.మీ. రివెట్‌కు 3.3 మి.మీ. బిట్ వాడతారు. విమానాల పనిలో నంబరు బిట్లు వాడుక: 2.4 మి.మీ. రివెట్‌కు 40వ నంబరు, 3.2కు 30వ నంబరు, 4.0కు 21వ నంబరు, 4.8కు 11వ నంబరు. ఇవన్నీ రివెట్ కన్నా 0.1 మి.మీ. లోపు పెద్దవే.

రంధ్రం వదులైతే కొట్టేటప్పుడు కాడ నిటారుగా నిలవదు. లోపల వంగుతుంది, తల పక్కకు ఒరుగుతుంది, ఒకవైపు గోడకే ఆనుకుంటుంది. పొడవులో కొంత రంధ్రం నింపడానికే పోవడం వల్ల కొట్టిన తల చిన్నదవుతుంది. అలాంటి రివెట్ల వరస మీద బరువు పడితే సరిగ్గా బిగిసిన రెండు మూడే ముందు మోస్తాయి, మిగిలినవి రేకు కొంత జరిగాక గానీ అందుకోవు. రంధ్రం బిగువైతే రివెట్‌ను తోసి దూర్చాలి. అప్పుడు కాడ మీద తుప్పు పట్టకుండా ఉన్న పూత గీరుకుపోతుంది, పలుచని రేకు రంధ్రం చుట్టూ ఎత్తుగా లేస్తుంది.

పలుచని రేకులో గుండ్రని రంధ్రం వెయ్యడం అనుకున్నంత సులువు కాదు. మామూలు డ్రిల్ బిట్ మొన రేకు అవతలికి వెళ్లాక, బిట్ పూర్తి వెడల్పు ఇంకా లోహంలోకి దిగకముందే దానికి ఆసరా పోతుంది. అది ఊగి, రంధ్రాన్ని మూడు మూలలుగా కోస్తుంది. చెక్క దిమ్మ అడుగున పెట్టి, ముందు చిన్న బిట్‌తో దారి చేసి, తరువాత అసలు సైజుకు పెంచితే ఈ దోషం తగ్గుతుంది. రెండు రేకులనూ తాత్కాలిక పిన్నులతో కలిపి బిగించి ఒకేసారి డ్రిల్ చెయ్యాలి. విడివిడిగా వేస్తే రంధ్రాలు ఒకదానికొకటి అర మిల్లీమీటరు జరిగినా, సరిపెట్టడానికి బిట్‌ను పక్కకు వంచి కోలగా చేసేస్తారు. డ్రిల్ అయ్యాక రేకులు విడదీసి, రెండు ముఖాల మీదా లేచిన పదునైన అంచును, మధ్యలో ఇరుక్కున్న రజనును తీసెయ్యాలి. ఆ అంచు రేకుల మధ్య మిగిలితే అవి పూర్తిగా అతుక్కోవు, కొట్టినప్పుడు కాడ ఆ సందులోకి ఉబ్బుతుంది. అంచు తీసే పేరుతో రంధ్రం నోటిని గిన్నెలా తవ్వకూడదు. 1 మి.మీ. రేకులో ప్రతి పదో వంతూ బరువు మోసేదే.

అంచు దూరం: కనీసం 2D, పనిలో 2.5D

రంధ్రం మధ్య బిందువు నుంచి రేకు అంచు దాకా ఉన్న కొలతే అంచు దూరం. పలుచని రేకుకు కనీసం 2D ఉండాలన్నది స్థిరపడిన నియమం. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ విమానాల మరమ్మతు కోసం వెలువరించిన AC 43.13-1B వంటి మార్గదర్శకాలూ ఇదే దారిలో నడుస్తాయి.

దీన్ని ఒక రివెట్ మీద లెక్కవేసి చూడవచ్చు. 1 మి.మీ. గట్టి అల్యూమినియం రేకు లాగుడుకు చదరపు మిల్లీమీటరుకు 40 కిలోల దగ్గర తెగుతుందనీ, కోతకు 24 కిలోల దగ్గర లొంగుతుందనీ, రివెట్ లోహం కోతకు 20 కిలోలు ఓర్చుకుంటుందనీ గుండ్రని అంకెలు తీసుకోవాలి. 2024 రకం రేకుకూ 2117 రకం రివెట్‌కూ ఇవి కొంచెం తగ్గించి వేసుకున్న విలువలు. 3.3 మి.మీ. రంధ్రాన్ని నింపిన రివెట్ అడ్డుకోత వైశాల్యం 8.55 చదరపు మిల్లీమీటర్లు. అది 171 కిలోల దగ్గర కోసుకుపోతుంది. ఇప్పుడు అంచు దూరం 1.5D, అంటే 4.8 మి.మీ. పెడితే, రంధ్రం అంచు నుంచి రేకు అంచు దాకా 3.15 మి.మీ. లోహమే మిగులుతుంది. రివెట్ ముందుకు తోసుకుపోవాలంటే రెండు పక్కలా ఆ పొడవునే చీల్చాలి. దానికి 151 కిలోలు చాలు. రివెట్ కన్నా ముందే అంచు ఊడిపోతుంది. దూరాన్ని 2D, అంటే 6.4 మి.మీ. చేస్తే అదే లెక్కలో అంచు 228 కిలోలు ఆపుతుంది. రివెట్‌ను దాటి మూడో వంతు మిగులు దొరికింది. 1.5Dకీ 2Dకీ మధ్య ఉన్నది ఒకటిన్నర మిల్లీమీటర్లే, కానీ ఏది ముందు తెగుతుందో ఆ తేడాయే నిర్ణయిస్తుంది. అంచు దగ్గర పడితే రంధ్రం నలుగుడుకు నిలిచే బలం కూడా పడిపోతుంది. 2D దగ్గర అది రేకు లాగుడు బలానికి సుమారు 1.9 రెట్లు ఉంటే, 1.5D దగ్గర సుమారు 1.5 రెట్లే.

బాయిలర్ పలకలకు పాఠ్యపుస్తకాలు 1.5D చాలంటాయి. 10 మి.మీ. పలకకు అన్విన్ సూత్రం 19 మి.మీ. రివెట్ ఇస్తుంది, అది పలక మందానికి రెట్టింపు కూడా కాదు. పలుచని రేకులో రివెట్ మందానికి మూడింతలు. మందంతో పోల్చి రివెట్ లావయ్యేకొద్దీ, దాని బలానికి తగ్గట్టు నిలవడానికి అంచులో ఎక్కువ లోహం కావాలి. పైగా బాయిలర్‌లో ఆవిరి కారకుండా పలక అంచును ఉలితో దిమ్మిస్తారు. అంచు మరీ వెడల్పైతే ఆ దిమ్మింపు నిలవదు. అక్కడ అంచు ఇరుకుగా ఉండటానికి వేరే అవసరం కూడా ఉంది.

కనీసం 2D అయినా, అనుభవమున్న పనివారు 2.5D గీస్తారు. 3.2 మి.మీ. రివెట్‌కు అది 8 మి.మీ. దీనికి కారణం మరమ్మతు. ఒక రంధ్రం పాడైతే దాన్ని తరువాతి సైజుకు, 4 మి.మీ.కి పెంచి లావు రివెట్ వెయ్యడం మామూలు పద్ధతి. మొదట 6.4 మి.మీ. పెట్టి ఉంటే, 4 మి.మీ. రివెట్‌కు అది 1.6D అవుతుంది, నియమం తప్పుతుంది. 8 మి.మీ. పెట్టి ఉంటే సరిగ్గా 2D దొరుకుతుంది. ఒక తప్పును సరిదిద్దుకునే చోటు మొదటి గీతలోనే ఇమిడి ఉంటుంది. డ్రిల్ గీత నుంచి అర మిల్లీమీటరు జారినా 2.5D దాన్ని తట్టుకుంటుంది.

పై హద్దు 4D. అంతకన్నా లోపలికి వెళితే రివెట్ బిగింపు అంచు దాకా చేరదు. అంచు పైకి లేస్తుంది, సందులోకి నీరూ దుమ్మూ చేరతాయి, అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది.

పిచ్: రెండు హద్దుల మధ్య

ఒకే వరసలో పక్కపక్క రివెట్ల మధ్య బిందువుల దూరం కనీసం 3D ఉండాలి. మామూలుగా 4D నుంచి 6D మధ్య పెడతారు, బరువు తక్కువైన చోట 10, 12D దాకా వెళతారు. రెండు వరసలు వేస్తే రెండో వరస రివెట్లను మొదటి వరస సందుల్లోకి వచ్చేలా ఎడంగా పెట్టడం వాడుక. వరసల మధ్య దూరం పిచ్‌లో నాలుగింట మూడు వంతులు ఉంటుంది, అయితే 2.5D కన్నా తగ్గదు.

కింది హద్దు రేకు కోసం. రంధ్రాలు దగ్గరైనకొద్దీ వాటి మధ్య మిగిలే లోహం తగ్గుతుంది, కొట్టేటప్పుడు ఒక రివెట్ తల పక్కదానికి తగులుతుంది, రివెట్ కొట్టే పనిముట్టుకు చోటు చాలదు. పై హద్దు మాత్రం రివెట్ వ్యాసం కన్నా రేకు మందం మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అతుకు మీద నొక్కుడు పడినప్పుడు రెండు రివెట్ల మధ్యనున్న రేకు ముక్క విల్లులా ఉబ్బుతుంది. ఎడం రెట్టింపైతే ఉబ్బకుండా ఆపే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే నొక్కుడు పడే చోట, లేదా నీరు, గాలి కారకూడని చోట పిచ్‌ను 4D దగ్గరికి తెస్తారు. లాగుడు మాత్రమే ఉన్న చోట కొంచెం వదిలినా ఫరవాలేదు.

ల్యాప్ జాయింట్‌కు ఒక పుట్టు లోపం ఉంది. రెండు రేకులూ ఒకే సూటిలో లేవు, ఒకటి మరోదాని మీద ఉంది. లాగినప్పుడు అవి ఒకే గీతలోకి రావాలని చూస్తాయి, దాంతో అతుకు మెలి తిరుగుతుంది. ఒకే వరస రివెట్లు ఉంటే ఆ మెలికకు రివెట్ తలలే ఎదురు నిలవాలి. రెండు వరసలు ఉంటే ఆ వెడల్పు మెలికను చాలా వరకు అడ్డుకుంటుంది. బరువు మోసే అతుకుకు కనీసం రెండు వరసలు వెయ్యడానికి ఇదే ముఖ్య కారణం.

ఒక అతుకును గీసి చూస్తే

300 మి.మీ. వెడల్పున్న రెండు 1 మి.మీ. అల్యూమినియం రేకులను 3.2 మి.మీ. రివెట్లతో, రెండు వరసల్లో అతకాలనుకుందాం. అతుకు లేని రేకు 12,000 కిలోల దగ్గర తెగుతుంది. దీన్నే కొలమానంగా పెట్టుకోవాలి. చివరి రివెట్లకు పక్క అంచు నుంచి 8 మి.మీ. వదిలితే రివెట్లు పరచడానికి 284 మి.మీ. మిగులుతుంది.

మొదట పిచ్ 5D, అంటే 16 మి.మీ. అనుకోవచ్చు. 284ను 16తో భాగిస్తే 17.75 వస్తుంది, దాన్ని 18 సందులకు పెంచితే పిచ్ 15.8 మి.మీ. అవుతుంది. మొదటి వరసలో 19 రివెట్లు, సందుల్లో పడే రెండో వరసలో 18, మొత్తం 37. ఒక్కొక్కటి 171 కిలోల చొప్పున అవి కలిసి సుమారు 6,330 కిలోలు మోస్తాయి. రంధ్రాల వరస దగ్గర రేకులో మిగిలిన వెడల్పు 237 మి.మీ., దాని బలం సుమారు 9,490 కిలోలు. రివెట్లే ముందు లొంగుతాయి, అతుకు బలం అసలు రేకులో 53 శాతం. రేకులో ఇంకా చాలా బలం వాడకుండా మిగిలిపోయింది.

పిచ్‌ను 12 మి.మీ. దగ్గరికి తెస్తే 24 సందులు, 11.8 మి.మీ. పిచ్, 25, 24 చొప్పున 49 రివెట్లు వస్తాయి. ఇప్పుడు రివెట్లు 8,380 కిలోలు మోస్తాయి. రంధ్రాలు పెరిగాయి కాబట్టి రేకు 8,700 కిలోలకు దిగింది. రెండూ దాదాపు సమానం, అయినా రివెట్టే ముందు లొంగుతుంది. అతుకు అసలు రేకులో 70 శాతం బలానికి చేరింది.

ఇంకా దగ్గర చేస్తే ఇంకా బలం వస్తుందనుకుని 3D హద్దుకు వెళితే ఏమవుతుంది? 29 సందులు, 30, 29 చొప్పున 59 రివెట్లు. రివెట్ల బలం 10,090 కిలోలకు ఎక్కింది. కానీ 30 రంధ్రాలు పడ్డ రేకులో 201 మి.మీ. మాత్రమే మిగిలింది, అది 8,040 కిలోలకే తెగుతుంది. పది రివెట్లు ఎక్కువ కొట్టి అతుకును బలహీనం చేసినట్టయింది, పైగా ఇప్పుడు ముందు చిరిగేది రేకు. ఈ రేకుకూ ఈ రివెట్‌కూ సరైన పిచ్ 4Dకి కొంచెం అటూ ఇటూ అని లెక్క తేలుస్తోంది.

12 మి.మీ. పిచ్‌కు వరసల మధ్య దూరం అందులో నాలుగింట మూడు వంతులు, 9 మి.మీ. రెండు వైపులా అంచు దూరం 8 చొప్పున కలిపితే రేకు మీద రేకు 25 మి.మీ. ఎక్కాలి. ఒక పాడైన రంధ్రంలో 4 మి.మీ. రివెట్ పడినా అంచు 2D, పిచ్ దాదాపు 3D, వరసల మధ్య 2.25D అవుతాయి. మొదటి రెండు హద్దుల దగ్గర నిలిచాయి, మూడోది కొంచెం తక్కువైంది. కాబట్టి మరమ్మతులు ఎక్కువ పడే చోట వరసల మధ్య 10 మి.మీ. పెట్టి, ఎక్కింపును 26 మి.మీ. చేసుకోవడం మేలు. రివెట్ పొడవు రెండు రేకుల మందానికి 1.5D కలిపినంత: 2, 4.8 కలిసి 6.8 మి.మీ. ఇక్కడ చెప్పిన కిలోలన్నీ తెగే హద్దులే. రోజూ మోసే బరువు వీటికి చాలా కింద ఉండాలి.

తల రేకులోకి దిగినప్పుడు

నున్నని పైభాగం కోసం రివెట్ తలను రేకులోకి దించాలంటే రంధ్రం నోటిని శంఖాకారంగా కోస్తారు. దీన్ని కౌంటర్‌సింక్ అంటారు. 3.2 మి.మీ. రివెట్‌లో ఈ రకం తల లోతు సుమారు 1.07 మి.మీ. 1 మి.మీ. రేకులో దాన్ని కోస్తే గిన్నె రేకును దాటి అవతలికి వస్తుంది. రంధ్రం అడుగు అంచు కత్తి వాదరలా పలుచనవుతుంది. ఆ వాదర దగ్గర ఒత్తిడి కూడి, బరువు పడి లేచిన ప్రతిసారీ పగులు కొంచెం కొంచెంగా పాకుతుంది. ఇలాంటి చోట రేకును కోయకూడదు, అచ్చుతో గుంటగా నొక్కాలి.

1988 ఏప్రిల్ 28న హవాయిలో హిలో నుంచి హొనొలులు వెళుతున్న అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 విమానం పైకప్పు సుమారు 5.5 మీటర్ల పొడవున గాల్లోనే ఊడిపోయింది. ఒక విమాన పరిచారిక ప్రాణం కోల్పోయింది, మిగిలిన 94 మందితో విమానం నేల మీదికి చేరింది. అప్పటికి అది 89 వేలకు పైగా ప్రయాణాలు చేసింది. దర్యాప్తు వేలు చూపించింది ల్యాప్ జాయింట్ వైపే. అతుకులో రేకుల మధ్య ఉన్న జిగురు తేమకు వదిలేసింది. జిగురు మోయవలసిన బరువు రివెట్ల మీద పడింది. 0.9 మి.మీ. రేకులో కౌంటర్‌సింక్ పూర్తి మందం దాకా దిగి వాదరలు తేలాయి. పై వరస రంధ్రాల దగ్గర పక్కపక్కనే పుట్టిన చిన్న పగుళ్లు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. అతుకు మెలిక ఎక్కువగా పడేది చివరి వరసల మీదే కాబట్టి పగుళ్లకు అదే చోటైంది. ఇలాంటి అతుకులో ఒకే ఒక్క రంధ్రం లోపం కన్నా, వరస పొడవునా ఒకే లోపం ఉండటం ఎక్కువ ప్రమాదం.

పాప్ రివెట్ అయితే

ఏసీ డక్టులు, నేమ్ బోర్డులు, తలుపుల పనిలో వాడేది ఎక్కువగా ఒకవైపు నుంచే బిగించే పాప్ రివెట్. బొడ్డులోని మేకును గన్‌తో లాగితే వెనక వైపు ఉబ్బి పట్టుకుంటుంది, మేకు తెగి బయటికి వస్తుంది. అంచుకు కనీసం 2D, పిచ్‌కు కనీసం 3D అన్న నియమాలు దీనికీ వర్తిస్తాయి. రంధ్రం విషయంలో మాత్రం ఇది ముద్ద రివెట్ కన్నా కచ్చితంగా ఉండాలంటుంది, ఎందుకంటే బోలు కాడ ముద్ద రివెట్‌లా రంధ్రాన్ని పూర్తిగా నింపలేదు. 3.2కు 3.3, 4.0కు 4.1, 4.8కు 4.9 మి.మీ. బిట్ వాడాలి. చేతికందిన 3.5 బిట్‌తో వేసిన రంధ్రంలో 3.2 మి.మీ. పాప్ రివెట్ బిగిసినట్టే కనిపిస్తుంది, కొద్ది రోజుల అదురుకే వదులై గిరగిరా తిరుగుతుంది. కాడ బోలుగా ఉండటం వల్ల దాని కోత బలం అదే వ్యాసం ముద్ద రివెట్ బలానికి సమానం కాదు, కంపెనీ పట్టీలో ఇచ్చిన అంకెనే లెక్కలో వేసుకోవాలి.

పని అయ్యాక చూడవలసినవి

కొట్టిన తల వెడల్పు సుమారు 1.5D, ఎత్తు 0.5D ఉండాలి. 3.2 మి.మీ. రివెట్‌కు 4.8, 1.6 మి.మీ. తల వెడల్పు తక్కువైతే రివెట్ పొట్టిదై ఉంటుంది, లేదా రంధ్రం పెద్దదై ఉంటుంది. తల మరీ పలుచగా పరుచుకుంటే దెబ్బలు ఎక్కువయ్యాయి. ఒకవైపు ఒరిగితే కాడ వదులు రంధ్రంలో వంగిందని అర్థం. తయారై వచ్చిన తల కింద పలుచని ఫీలర్ గేజ్ దూరితే అది రేకుకు ఆనలేదు. అంచు వైపు రేకు చిన్నగా ఉబ్బి కనిపిస్తే అంచు దూరం చాలలేదు. రెండు రివెట్ల మధ్య రేకు అలలా లేస్తే పిచ్ ఎక్కువైంది, లేదా మధ్యలో రజను ఇరుక్కుంది. వాడుకలో ఉన్న అల్యూమినియం అతుకులో తల చుట్టూ నల్లని పొగ చారలు కనిపిస్తే కాడ రంధ్రంలో ఆడుతూ లోహాన్ని అరగదీస్తోంది. ఆ రివెట్‌ను అలాగే మళ్లీ కొట్టి బిగించడం ప్రయోజనం లేని పని. కాడ పెద్దదైన రంధ్రాన్ని రెండోసారి నింపదు, గట్టిపడిన లోహం పగులుతుంది. తల మధ్యలో డ్రిల్ చేసి రివెట్‌ను తీసి, రంధ్రాన్ని తరువాతి సైజుకు సరిచేసి, అంచు ఇంకా 2D ఉందో లేదో కొలిచాకే లావు రివెట్ వెయ్యాలి. అంత లేకపోతే ఆ చోట రేకు మీద అతుకు ముక్క పెట్టి, కొత్త రంధ్రాలను లోపలికి జరపడం తప్ప మార్గం లేదు.